మెయిల్ పక్కన మీ లోగో ఎందుకు కనిపించడం లేదు?

ఫోన్‌లో జీమెయిల్ తెరవండి. ప్రతి మెయిల్‌కూ ఎడమ పక్కన చిన్న గుండ్రని బొమ్మ ఉంటుంది. కొన్ని పెద్ద కంపెనీల మెయిళ్ల దగ్గర అక్కడ వాళ్ల అసలు లోగో ఉంటుంది. మెయిల్ తెరిస్తే కొందరి పేరు పక్కన నీలం టిక్ కూడా కనిపిస్తుంది. చాలా మెయిళ్లకు మాత్రం రంగు వేసిన ఒక అక్షరం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ చోటులో లోగో రావడానికి ఒక పద్ధతి ఉంది. దాని పేరు బిమి. యాహూ, జీమెయిల్, ఫాస్ట్‌మెయిల్ దీన్ని పాటిస్తున్నాయి. జీమెయిల్ 2021 జూలైలో అందరికీ తెరిచింది. ఆపిల్ 2022లో ఐఓఎస్ 16తో తన మెయిల్ యాప్‌లో చేర్చింది.

బిమి గురించి విన్నవాళ్లు చాలామంది, లోగో ఫైలు ఎక్కడో పెట్టి డీఎన్ఎస్‌లో ఒక లైను రాస్తే అయిపోతుందని అనుకుంటారు. ఆ లైను రాయడానికి నిజంగానే ఐదు నిమిషాలు చాలు. అయితే అది ఆఖరి మెట్టు. దానికి ముందు, మీ డొమైన్ పేరుతో మీరు తప్ప ఇంకెవరూ మెయిల్ పంపలేరని డొమైన్ నిరూపించుకోవాలి. ఆ లోగో మీదేనని ఒక బయటి సంస్థ ధ్రువీకరించాలి. ఎక్కువ కాలం పట్టేవి ఈ రెండే. ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే.

ఒక ఊహా ఉదాహరణతో వెళదాం. గుంటూరు నుంచి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారం ఒకటి ఉందనుకోండి. డొమైన్ `example.com` అనుకుందాం. అమెరికాలో, హైదరాబాదులో ఉన్న తెలుగు కుటుంబాలు ఆర్డర్లు ఇస్తుంటాయి. ఆర్డరు అందిందని ఒక మెయిల్, బిల్లు ఒకటి, పండగ ఆఫర్లు ఇంకొకటి వెళుతుంటాయి. ఈ మెయిళ్ల పక్కన తమ ఎర్ర మిరపకాయ లోగో కనిపించాలని యజమాని కోరిక.

ముందు అసలు చిక్కు ఏమిటో చూడాలి. ఈమెయిల్ పద్ధతి పుట్టినప్పటి నుంచీ ‘ఫ్రం’ అనే గడిలో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. పోస్టు కవరు మీద పంపినవారి చిరునామా రాసినట్టే. రాసింది నిజమో కాదో పోస్టుమ్యాన్ అడగడు. ఇలాంటి పరిస్థితిలో పేరును బట్టి లోగో చూపిస్తే, ఆ పేరు వాడిన మోసగాడి మెయిల్‌కూ మీ మిరపకాయ అంటుకుంటుంది. అందుకే బిమి మొట్టమొదట డీమార్క్ ఉందా, అది గట్టిగా ఉందా అని చూస్తుంది.

డీమార్క్ రెండు పాత పద్ధతుల మీద నిలబడుతుంది. మొదటిది ఎస్పీఎఫ్. మా డొమైన్ తరఫున ఫలానా సర్వర్లు మెయిల్ పంపవచ్చని డీఎన్ఎస్‌లో ఇచ్చే జాబితా అది. రెండోది డీకిమ్. పంపే సర్వరు మెయిల్‌కు ఒక డిజిటల్ సంతకం పెడుతుంది, అందుకునే సర్వరు డీఎన్ఎస్‌లో ఉన్న తాళంతో దాన్ని సరిచూస్తుంది. దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. ఈ రెండింటికీ డీమార్క్ ఒక ముఖ్యమైన షరతు చేరుస్తుంది: ఎస్పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఏ డొమైన్ పేరుతో నెగ్గిందో, ఆ పేరు పాఠకుడికి కనిపించే ‘ఫ్రం’ డొమైన్‌తో కలవాలి. దీన్నే అలైన్‌మెంట్ అంటారు. ఏదో ఒక పరీక్ష నెగ్గితే సరిపోదు, మన పేరుతోనే నెగ్గాలి.

మన పచ్చళ్ల వ్యాపారం దగ్గర ఇది ఎలా తేలిపోతుందో చూడండి. సిబ్బంది రాసే మామూలు మెయిళ్లు గూగుల్ వర్క్‌స్పేస్ నుంచి వెళతాయి. అక్కడ అడ్మిన్ కన్సోల్‌లో డీకిమ్ తాళం తయారు చేసి డీఎన్ఎస్‌లో పెట్టుకున్నారు, ఏ ఇబ్బందీ లేదు. పండగ ఆఫర్లు ఒక మార్కెటింగ్ మెయిల్ సర్వీసు పంపుతుంది. బిల్లులు ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు పంపుతుంది. ఆర్డరు అందిందనే మెయిల్ వెబ్‌సైటు ఉన్న హోస్టింగ్ సర్వరు నుంచే నేరుగా వెళుతుంది. మొత్తం నాలుగు దారులు. వీటన్నింటి ‘ఫ్రం’లోనూ ఉండేది ఒకే డొమైన్. అయితే మార్కెటింగ్ సర్వీసు తన సొంత డొమైన్ పేరుతో సంతకం పెడుతోంది. బిల్లుల సాఫ్ట్‌వేరుదీ అదే తీరు. వెబ్‌సైటు సర్వరైతే అసలు సంతకమే పెట్టడం లేదు. ఆ మెయిళ్లన్నీ ఇన్నాళ్లూ కస్టమర్లకు చేరుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ దారులు బయటపడాలంటే డీమార్క్‌ను మొదట కేవలం గమనించే స్థితిలో పెట్టాలి. డీఎన్ఎస్‌లో `_dmarc.example.com` అనే పేరుతో ఈ టెక్స్ట్ రికార్డు చేరుస్తారు:

```
v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com
```

ఇందులో `p=none` అంటే, తేడా ఉన్నా మెయిల్‌ను ఏమీ చేయవద్దు, మాకు చెప్పండి చాలు అని. `rua` దగ్గర ఇచ్చిన చిరునామాకు గూగుల్, యాహూ లాంటి సంస్థలు మామూలుగా రోజుకు ఒక నివేదిక పంపుతాయి. అది ఎక్స్ఎంఎల్ ఫైలు, చదవడానికి కంటికి ఇంపుగా ఉండదు. దాన్ని పట్టికలా చూపించే ఉచిత సాధనాలు ఉన్నాయి. అందులో ఏ ఐపీ చిరునామా నుంచి మీ పేరుతో ఎన్ని మెయిళ్లు వెళ్లాయో, వాటిలో ఎస్పీఎఫ్, డీకిమ్ ఏ డొమైన్‌తో నెగ్గాయో లేదా ఓడాయో ఉంటుంది. మెయిల్‌లోని విషయం మాత్రం ఇందులో కనిపించదు.

ఈ నివేదికలను కొన్ని వారాలు ఓపిగ్గా చూడాలి. నెలకోసారి మాత్రమే వెళ్లే మెయిళ్లు ఉంటాయి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఫారాలూ ఉంటాయి. మన ఉదాహరణలో బిల్లుల సాఫ్ట్‌వేరు సంగతి నెలాఖరు నివేదికలోనే పూర్తిగా తెలుస్తుంది, ఎందుకంటే హోల్‌సేల్ షాపులకు స్టేట్‌మెంట్లు వెళ్లేది అప్పుడే. మార్కెటింగ్ సర్వీసుకూ బిల్లుల సాఫ్ట్‌వేరుకూ సెట్టింగుల్లో సొంత డొమైన్‌తో సంతకం పెట్టే వీలు సాధారణంగా ఉంటుంది. వాళ్లు ఇచ్చే ఒకటి రెండు రికార్డులను మన డీఎన్ఎస్‌లో చేరిస్తే ఆ తర్వాతి మెయిళ్లు మన పేరుతోనే సంతకం అవుతాయి. వెబ్‌సైటు మెయిళ్లను హోస్టింగ్ సర్వరు నుంచి నేరుగా పంపడం మాని, డీకిమ్ పెట్టే ఒక మెయిల్ సర్వీసు ద్వారా పంపడం మేలు.

ఎస్పీఎఫ్ ఒక్కటే ఉంటే చాలదా అని కొందరు అడుగుతారు. డీమార్క్ లెక్కలో రెండింటిలో ఒకటి కలిస్తే చాలు, అది నిజమే. కానీ ఎస్పీఎఫ్‌ను నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం. మెయిల్‌ను ఎవరైనా ఫార్వర్డ్ పెట్టుకుంటే అది మధ్యలో ఇంకో సర్వరు నుంచి వస్తుంది కాబట్టి ఎస్పీఎఫ్ తెగిపోతుంది, డీకిమ్ మాత్రం సాధారణంగా నిలుస్తుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. ఎస్పీఎఫ్ జాబితాలో ఒక పెద్ద ఉమ్మడి సర్వీసును చేరిస్తే, ఆ సర్వర్లనే వాడుకునే వేరే ఖాతాదారుడు మీ పేరుతో దూరే సందు ఏర్పడవచ్చు. 2023లో ఇలాంటిదే జరిగింది. జీమెయిల్ నీలం టిక్ మొదలుపెట్టిన కొద్ది వారాలకే, యూపీఎస్ కొరియర్ కంపెనీ పేరుతో వచ్చిన ఒక నకిలీ మెయిల్ లోగోతో, టిక్‌తో సహా ఇన్‌బాక్స్‌లో కనిపించిందని ఒక సెక్యూరిటీ ఇంజినీరు బయటపెట్టారు. మొదట ఇది లోపం కాదన్న గూగుల్ తర్వాత మాట మార్చుకుని, బిమి కోసం డీకిమ్ తప్పనిసరి చేసింది. అందుకే నాలుగు దారుల్లోనూ డీకిమ్ ఉండాలి.

అన్ని దారులూ సరయ్యాక `p=none`ను మార్చాలి. లోగో కల దగ్గరే ఆగిపోయిన డొమైన్లు చాలావరకు ఇక్కడ ఆగినవే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి డీమార్క్ ఉండాలని నిబంధన పెట్టాయి. దానికి `p=none` సరిపోతుంది. దాంతో చాలామంది ఆ రికార్డు పెట్టేసి, మాకు డీమార్క్ ఉంది కదా అనుకుంటున్నారు. బిమికి అది చాలదు. విధానం `p=quarantine`, అంటే తేడా మెయిల్‌ను స్పామ్‌లో వేయండి అని గానీ, `p=reject`, అంటే తీసుకోవద్దు అని గానీ ఉండాలి. `pct=20` లాగా కొంత శాతానికే వర్తించమని రాసినా కుదరదు. ఆ ముక్క తీసేయాలి లేదా 100 అని ఉండాలి. సబ్‌డొమైన్ల కోసం రాసే `sp=` దగ్గర `none` ఉన్నా లోగో రాదు. మీరు ఆఫర్లను `news.example.com` లాంటి సబ్‌డొమైన్ నుంచి పంపినా, అసలు డొమైన్ విధానం కూడా గట్టిగానే ఉండాలి.

ఒక్కసారిగా `reject`కు దూకవద్దు. ముందు `quarantine` పెట్టి రెండు మూడు వారాలు నివేదికలు చూడండి. ఎవరిదైనా ఆర్డరు మెయిల్ స్పామ్‌లో పడితే ఫోను వస్తుంది, సరిదిద్దుకోవచ్చు. `reject`లో ఆ మెయిల్ ఎవరికీ చేరకుండానే పోతుంది.

ఇక లోగో సంగతి. బిమికి జేపీజీ, పీఎన్‌జీ పనికిరావు. ఎస్‌వీజీ అనే గీతల రూపంలో ఉండాలి, అందులోనూ బిమి కోసం కుదించిన ‘టైనీ పీఎస్’ రకం మాత్రమే. ఈ రకంలో స్క్రిప్టులు, బయటి లింకులు, యానిమేషన్లు, లోపల దాచిన ఫొటోలు ఉండకూడదు. మెయిల్ యాప్ ఒక తెలియని డొమైన్ నుంచి బొమ్మ తెచ్చి చూపిస్తోంది కాబట్టి, ఆ బొమ్మలో ప్రోగ్రాము నడిచే వీలే లేకుండా చేశారు. డిజైనర్ మామూలుగా ఇల్లస్ట్రేటర్ నుంచి ఎస్‌వీజీ తీసి ఇస్తే అది మొదటిసారి నెగ్గడం అరుదు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్లు ఇలా ఉండాలి:

```
<svg xmlns="http://www.w3.org/2000/svg" version="1.2"
     baseProfile="tiny-ps" viewBox="0 0 512 512">
  <title>Example</title>
```

ఇల్లస్ట్రేటర్ `baseProfile` దగ్గర `tiny` అని రాస్తుంది. దాన్ని `tiny-ps` చేయాలి. మొదటి ట్యాగ్‌లో `x="0px" y="0px"` అని ఉంటే తీసేయాలి. `title` లేకపోతే చేర్చాలి, అందులో వ్యాపారం పేరు రాయాలి. ఇంకో పొరపాటు కంటికి కనిపించదు: పాత పీఎన్‌జీ లోగోను ఇల్లస్ట్రేటర్‌లోకి లాగి ఎస్‌వీజీగా సేవ్ చేస్తే, బయటికి ఎస్‌వీజీలా ఉన్నా లోపల ఫొటోనే ఉంటుంది. ఫైలులో `<image` అనే మాట వెతికితే అది దొరికిపోతుంది. అలాంటప్పుడు లోగోను మళ్లీ గీయించడం తప్ప దారి లేదు. ఫైలు 32 కేబీ దాటకుండా చూసుకోవాలి.

బొమ్మ చతురస్రంలో ఉండాలి. చాలా యాప్‌లు దాన్ని గుండ్రంగా కత్తిరిస్తాయి కాబట్టి మూలల్లో ఏదీ పెట్టకూడదు. నేపథ్యం పారదర్శకంగా వదిలేస్తే, నల్ల తెర పెట్టుకున్న ఫోన్లో ముదురు రంగు లోగో కలిసిపోవచ్చు. ఏదో ఒక గట్టి రంగు వేయడం మంచిది. మిరపకాయ కింద పొడుగ్గా రాసిన వ్యాపారం పేరు ఆ చిన్న వృత్తంలో చదవడానికి రాదు. అలాగని ఫైలు కోసం పేరు తీసేసి మిరపకాయ ఒక్కటే ఉంచితే ఇంకో చిక్కు వస్తుంది. అది ట్రేడ్‌మార్కు దగ్గర.

జీమెయిల్‌లో లోగో కనిపించాలంటే సర్టిఫికెట్ ఉండాలి. ఇవి రెండు రకాలు. మొదటిది వీఎంసీ. దీనికి లోగో రిజిస్టరైన ట్రేడ్‌మార్కు అయి ఉండాలి, అదీ గుర్తింపు పొందిన ట్రేడ్‌మార్కు కార్యాలయాల్లో. ఆ జాబితాలో భారత రిజిస్ట్రీ కూడా ఉంది. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన ‘టీఎం’ అని వేసుకోవచ్చు, కానీ వీఎంసీకి అది చెల్లదు. రిజిస్ట్రేషన్ పూర్తయి ‘ఆర్’ వేసుకునే హక్కు రావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యాపారాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి చిన్న సంస్థలకు, వ్యక్తులకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. పరీక్ష అయ్యాక ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రచురిస్తారు, అక్కడి నుంచి నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరం వస్తే ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. కాబట్టి లోగో కావాలనుకున్న రోజే ఈ దరఖాస్తు వేయడం తెలివైన పని. డీమార్క్ నివేదికలు చూసే వారాలు ఈ నిరీక్షణలో కలిసిపోతాయి.

ఫైలులో ఉన్న బొమ్మ రిజిస్టరైన బొమ్మతో సరిపోలాలి. మన వ్యాపారం మిరపకాయా పేరూ కలిపి ఒకే మార్కుగా రిజిస్టరు చేయించి, ఇప్పుడు మిరపకాయ ఒక్కటే పంపితే సర్టిఫికెట్ సంస్థ వీఎంసీకి ఒప్పుకోకపోవచ్చు. దరఖాస్తు వేసేటప్పుడే ఆ చిన్న వృత్తాన్ని దృష్టిలో పెట్టుకుని, బొమ్మను విడిగా కూడా రిజిస్టరు చేయించడం మంచిది.

ట్రేడ్‌మార్కు లేనివాళ్లకు రెండో దారి సీఎంసీ. 2024 సెప్టెంబరులో జీమెయిల్ దీన్ని ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఈ లోగోను మీ వెబ్‌సైటులో కనీసం 12 నెలలుగా వాడుతున్నారని చూపించగలిగితే దీన్ని ఇస్తారు. పాత వెబ్ పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ లాంటి భాండాగారాల్లో ఏడాది కిందటి మీ పేజీ, అందులో ఆ లోగో ఉంటే అది సాక్ష్యం. మీ సైటును పాతవి దాచకుండా అడ్డుకునే సెట్టింగు ఉంటే ఈ సాక్ష్యం దొరకదు, ముందే చూసుకోండి. సీఎంసీతో జీమెయిల్‌లో లోగో వస్తుంది, నీలం టిక్ రాదు. టిక్ వీఎంసీకి మాత్రమే.

ఏది తీసుకున్నా సంస్థ నిజంగా ఉందా, డొమైన్ మీ చేతిలో ఉందా, దరఖాస్తు చేసిన మనిషికి ఆ అధికారం ఉందా అని సర్టిఫికెట్ సంస్థ సరిచూస్తుంది. వీఎంసీకి గుర్తింపు కార్డు చూపిస్తూ వీడియో కాల్‌లో మాట్లాడాల్సి రావచ్చు. ధర తక్కువేమీ కాదు. వీఎంసీకి ఏడాదికి సుమారు వెయ్యి డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా పైన. చిన్న వ్యాపారానికి ఈ ఖర్చు అవసరమా అని ఎవరైనా అడిగితే, ముందు డీమార్క్ పూర్తి చేయండి, సర్టిఫికెట్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం అంటాను. మోసగాళ్లను ఆపే పని డీమార్క్‌తోనే జరిగిపోతుంది. యాహూ అయితే సర్టిఫికెట్ లేకపోయినా, పెద్ద ఎత్తున పంపేవాళ్లకు మంచి పేరుంటే లోగో చూపించగలదు.

సర్టిఫికెట్ వచ్చాక దాని ఫైలును, అందులో ఇచ్చిన అదే ఎస్‌వీజీని `https` చిరునామాలో పెట్టాలి. లోగో బొమ్మ సర్టిఫికెట్ లోపల కూడా ఉంటుంది, కాబట్టి బయట పెట్టింది దానితో అచ్చంగా సరిపోవాలి. సర్టిఫికెట్ ఫైలులో మీ సర్టిఫికెట్‌తో పాటు దాని పై అంచెల సర్టిఫికెట్లూ వరుసగా ఉండాలి. తర్వాత `default._bimi.example.com` పేరుతో ఈ టెక్స్ట్ రికార్డు:

```
v=BIMI1; l=https://example.com/bimi/logo.svg; a=https://example.com/bimi/cert.pem
```

రికార్డు పడిందో లేదో ఈ కమాండుతో తెలుస్తుంది:

```
dig +short TXT default._bimi.example.com
```

తర్వాత ఒకటి రెండు రోజులు ఆగి, నాలుగు దారుల నుంచీ ఒక్కో మెయిల్ మీ జీమెయిల్‌కు పంపించుకోండి. కంప్యూటరులో మెయిల్ తెరిచి మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కితే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఫలితాలూ పైనే కనిపిస్తాయి. డీకిమ్ దగ్గర `PASS`తో పాటు ఏ డొమైన్ పేరు ఉందో చూడండి; అది మీ డొమైన్ కావాలి. మూడు దారుల్లో లోగో వచ్చి ఒక దారిలో రాకపోతే, ఆ దారి సంతకంలో తేడా ఉన్నట్టు. ఎక్కడా రాకపోతే ఎస్‌వీజీ, సర్టిఫికెట్, డీమార్క్ విధానం మళ్లీ చూడాలి. ఒక్క జాగ్రత్త: గూగుల్ ఖాతాకు ప్రొఫైల్ ఫొటోగా లోగో పెట్టుకుంటే అది కూడా జీమెయిల్‌లో కనిపిస్తుంది. సిబ్బంది మెయిళ్ల దగ్గర కనిపించేది అదే కావచ్చు, బిమి పనిచేస్తోందని పొరబడవద్దు. ఆఫర్ల మెయిల్‌తో పరీక్షించడం నమ్మకమైనది.

అన్నీ సరిగ్గా ఉన్నా లోగో చూపించడం, మానడం మెయిల్ సంస్థ ఇష్టం. మీ మెయిళ్లను జనం స్పామ్ అని నొక్కుతుంటే రాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ బిమిని పాటించడం లేదు కాబట్టి అక్కడి కస్టమర్లకు ఎలాగూ కనిపించదు. మీ పేరును పోలిన, ఒక అక్షరం తేడా ఉన్న వేరే డొమైన్ కొని మెయిల్ పంపేవాణ్ని డీమార్క్ ఆపదు. మీ ట్రేడ్‌మార్కు వాడి దగ్గర ఉండదు కాబట్టి మీ లోగోతో వీఎంసీ మాత్రం దొరకదు.

సర్టిఫికెట్ ఏడాది దాటి కొద్ది రోజులే చెల్లుతుంది. గడువు తీరితే మెయిళ్లు వెళుతూనే ఉంటాయి, లోగో మాత్రం మాయమవుతుంది. వీడియో కాల్ లాంటి తనిఖీలు మళ్లీ జరగవచ్చు కాబట్టి నెల ముందే మొదలుపెట్టాలి. లోగో డిజైను మార్చినా కొత్త సర్టిఫికెట్ కావాలి. ఎవరైనా కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చి కంపెనీ పేరుతో మెయిళ్లు పంపుదామంటే, ముందు దానికి డీకిమ్ పెట్టించి, ఒక మెయిల్ పరీక్షించాకే వాడనివ్వాలి. `reject` ఉన్నచోట ఆ పని మరిచిపోతే ఆ మెయిళ్లు ఎవరికీ చేరవు.